ప్లేట్‌లెట్లు 11 వేలే, అయినా ఎక్కించొద్దంటున్నారు. డెంగ్యూ కాదంట, టీటీపీ అంట. తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలి శీను
మా వదినకి 34 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉంది. కొన్నాళ్లుగా నీరసం, కొద్దిగా జ్వరం, పిక్కల మీద ఎర్ర చుక్కలు. ఈ సీజన్లో ఎవరికి జ్వరమొచ్చినా డెంగ్యూనే కదా అని ఇంటి దగ్గర క్లినిక్‌కి తీసుకెళ్తే ప్లేట్‌లెట్లు 24 వేలు చూసి వాళ్లూ డెంగ్యూనే అన్నారు, సెలైన్ పెట్టి పంపించారు. నిన్న పొద్దున పిల్లాడికి క్యారేజీ సర్దుతుంటే చేతిలో గరిటె జారిపోయింది, మళ్లీ పట్టుకోబోతే కుడిచేతి వేళ్లు మడత పడలేదు, మాట ముద్దగా వచ్చింది. కాసేపటికి అంతా మామూలైపోయింది, ఏం కాలేదు అంటూ అన్నం కూడా వండబోయింది. అన్నయ్య భయపడి వెంటనే విజయవాడ తీసుకొచ్చేశాడు.

ఇప్పుడు రిపోర్టులు ఇవి: హిమోగ్లోబిన్ 7.4, ప్లేట్‌లెట్లు 11 వేలు, ఎల్‌డీహెచ్ 1680, బిలిరుబిన్ 3.1, క్రియాటినిన్ 1.1, ఐఎన్ఆర్ 1.1. డెంగ్యూ రెండు టెస్టులూ నెగటివ్. ఇది టీటీపీ అనే జబ్బు అయ్యుండొచ్చు, మెడలో లైన్ వేసి ఒంట్లో ప్లాస్మా అంతా మార్చాలి అంటున్నారు. మేం ప్లేట్‌లెట్ల దాతల్ని రెడీ చేసుకుని వస్తే అవి వద్దన్నారు! పైగా హెచ్ఐవీ టెస్ట్ రాశారు, దాంతో అన్నయ్యకి కోపం వచ్చి సిస్టర్ మీద అరిచేశాడు. అసలు ఏం జరుగుతోందో అర్థం కావట్లేదు.

ఆటోనగర్ రక్తదాత
శీనూ, ఏ గ్రూపో చెప్పు, ఎస్‌డీపీ, అంటే ఒకే దాత నుంచి తీసే ప్లేట్‌లెట్లు, ఇచ్చే కుర్రాళ్లు మన గ్రూపులో పదిమంది దాకా ఉన్నారు. 10 వేలకి వచ్చిందంటే ఎక్కించాల్సిందే, ఇంకా తగ్గితే తలలో బ్లీడింగ్ అవుతుంది. డాక్టర్లు ఎందుకు ఆపుతున్నారో రాతపూర్వకంగా అడగండి. ఈలోగా బొప్పాయి ఆకు రసం పట్టించండి, మా బావమరిదికి రెండ్రోజుల్లో లక్ష దాటాయి.

సుజాత ఆర్
మా అమ్మాయికి కూడా ప్లేట్‌లెట్లు ఇలాగే 9 వేలకి పడిపోయాయి. ఐటీపీ అన్నారు. స్టెరాయిడ్లు వాడితే తగ్గిపోయింది, మెడలో లైన్లూ ఏమీ వెయ్యలేదు. ఎందుకైనా మంచిది, ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. ఈ రోజుల్లో చిన్నదానికీ పెద్దదానికీ ఐసీయూలే.

బ్రాడీపేట పాథాలజిస్ట్
శీను గారూ, మీరిచ్చిన నంబర్లు చూశాక ముందుగా ఒక్క మాట. లైన్ వేయడానికి ఒప్పుకోండి, ఇంకో అభిప్రాయం తర్వాత తీసుకోవచ్చు. ఇందులో గంటలు లెక్క.

సుజాత గారూ, మీ అమ్మాయికి హిమోగ్లోబిన్ తగ్గి ఉండదు, ఎల్‌డీహెచ్ పెరిగి ఉండదు. ఐటీపీలో ఒంటికి ప్లేట్‌లెట్ల మీదే కోపం, ఎర్రకణాల జోలికి పోదు. ఇక్కడ రెండూ ఒకేసారి పడిపోతున్నాయి. శీను గారి వదిన ఎల్‌డీహెచ్ 1680 అంటే ఎర్రకణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతున్నాయని, దానికి తోడు కణజాలం కూడా దెబ్బతింటోందని అర్థం. డెంగ్యూ అయితే ప్లాస్మా నాళాల బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతుంది కాబట్టి రక్తంలో ఎర్రకణాల వాటా, అదే పీసీవీ, పెరగాలి, మీకు అది కూడా పడిపోయి ఉంటుంది చూడండి. ఐఎన్ఆర్ మామూలుగా ఉంది, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి గడ్డకట్టే పదార్థాలన్నీ ఖర్చైపోయే డీఐసీ కూడా కాకపోవచ్చు.

ఇంతకీ స్లైడ్ చూసి ఎవరైనా రాశారా? స్మియర్ రిపోర్టులో షిస్టోసైట్లు అనే మాట ఉందా? ఎర్రకణాల సగటు సైజు చెప్పే ఎంసీవీ, కొత్తగా పుట్టిన ఎర్రకణాల లెక్క రెటిక్ కౌంట్, ఎర్రకణాలకి యాంటీబాడీ అంటుకుందేమో చూసే కూంబ్స్ టెస్ట్ కూడా ఉంటే పెట్టండి.

తెనాలి శీను
సర్, పీసీవీ 22. ఎంసీవీ 86. రెటిక్ 9 శాతం. డైరెక్ట్ కూంబ్స్ నెగటివ్. స్మియర్‌లో "షిస్టోసైట్లు 4 శాతం, ప్లేట్‌లెట్లు బాగా తక్కువ" అని ఉంది. మొదటి క్లినిక్ రిపోర్టులో స్మియర్ అని ఏమీ లేదు, మెషీన్ కాగితం ఒక్కటే.

బ్రాడీపేట పాథాలజిస్ట్
అదీ సంగతి. స్లైడ్ మీద కనిపించేవి గుండ్రటి కణాలు కాదు, ముక్కలు. కొన్ని మూడు కోణాలతో ఉంటాయి, కొన్నిటికి రెండు కొమ్ములుంటాయి, మధ్యలో ఉండాల్సిన తెల్లటి భాగం చాలావాటిలో కనపడదు. వెయ్యి ఎర్రకణాలు లెక్కపెడితే అందులో పది దాటి ఇలాంటివి ఉన్నాయంటే, అంటే ఒక శాతం పైన, సన్నటి నాళాల్లో ఎక్కడో గడ్డలు కడుతున్నాయని గట్టిగా అనుమానించాలి. మీకు నాలుగు శాతం ఉంది. అలాగని ముక్కలు తక్కువగా ఉన్నాయి కాబట్టి టీటీపీ కాదు అనుకోవడమూ తప్పే, మొదటిరోజు స్లైడ్‌లో రెండో మూడో కనిపించి ఒకట్రెండు రోజుల తర్వాత పెరిగిన కేసులు ఉంటాయి.

మెషీన్‌తో ఇంకో చిక్కు ఉంది. అది సైజు చూసి లెక్కపెడుతుంది. మరీ చిన్న ఎర్రకణం ముక్క దానికి ప్లేట్‌లెట్‌లాగే కనిపిస్తుంది. అందుకని ఇలాంటి రోగిలో మెషీన్ 24 వేలు చూపిస్తే అసలు సంఖ్య అంతకన్నా తక్కువే అయ్యుండొచ్చు. డెంగ్యూ సీజన్లో మా ల్యాబుకి రోజంతా ప్లేట్‌లెట్ కౌంట్ ఒక్కటే రాసి పంపిస్తారు, స్లైడ్ వెయ్యమని ఎవరూ రాయరు. ఆ అలవాటు మీద నాకు చాలా కోపం ఉంది, ఇక్కడ ఎక్కువ రాయను.

పెదకాకాని రైతు
సర్, మా నాన్నకి కూడా పోయినేడు స్లైడ్‌లో ముక్కలైన కణాలున్నాయి, ప్లేట్‌లెట్లు 30 వేలు, ఎల్‌డీహెచ్ రెండు వేలపైనే, ఇదే టీటీపీ అని హడావిడి చేశారు. చివరికి అది బీ12 లోపమంట, ఇంజక్షన్లు చేస్తే పది రోజుల్లో లేచి తిరిగారు. మేం శాకాహారులం లెండి. వీళ్లు కూడా ముందు బీ12 చూపించుకుంటే ప్లాస్మా గొడవ తప్పుతుందేమో.

బ్రాడీపేట పాథాలజిస్ట్
మీరు చెప్పింది నిజం, చాలామంది మర్చిపోయేది కూడా అదే. బీ12 బాగా తగ్గితే మూలుగలో తయారయ్యే కణాలు పెళుసుగా ఉండి బయటికి రాకముందే చచ్చిపోతాయి, స్లైడ్‌లో ముక్కలు కూడా కనిపిస్తాయి, ఎల్‌డీహెచ్ ఆకాశాన్నంటుతుంది. కానీ అక్కడ మూలుగకి కొత్త కణాలు తయారుచేసే శక్తి ఉండదు కాబట్టి రెటిక్ తక్కువగా ఉంటుంది, ఎంసీవీ సాధారణంగా వంద దాటుతుంది. శీను గారి వదినకి రెటిక్ 9 శాతం, ఎంసీవీ 86. అంటే మూలుగ బాగానే పరిగెడుతోంది, పోయేది బయట నాళాల్లో. బీ12 పంపించండి, తప్పులేదు. దాని రిపోర్టు కోసం మాత్రం ప్లాస్మా ఆపొద్దు.

తెనాలి శీను
సర్, డాక్టర్ గారు ఏదో స్కోరు వేసి ఏడుకి ఏడు వచ్చింది అన్నారు. అదేంటి? ఇంకా ఏదో ఎంజైమ్ లేదు అంటున్నారు. ఎంజైమ్ లేకపోతే ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గుతాయి? ఇంట్లోవాళ్లకి ఒకటే ప్రశ్న, రక్తం గడ్డకట్టడానికి కావాల్సినవి తక్కువగా ఉంటే గడ్డలు ఎలా కడుతున్నాయి అని.

బ్రాడీపేట పాథాలజిస్ట్
మంచి ప్రశ్న. రక్తనాళం లోపలి పొర వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడుగాటి ప్రొటీన్‌ని విడుదల చేస్తుంది. నాళం తెగినచోట ప్లేట్‌లెట్లు అతుక్కోవడానికి అది కావాలి. కానీ విడుదలయ్యేటప్పుడు మరీ పొడుగ్గా ఉంటుంది, అంత పొడుగు దారం రక్తంలో ఉంటే ఏ దెబ్బా లేకుండానే ప్లేట్‌లెట్లు దానికి అంటుకుంటాయి. అందుకని మన ఒంట్లో ఒక ఎంజైమ్ దాన్ని ఎప్పటికప్పుడు చిన్న ముక్కలుగా కత్తిరిస్తూ ఉంటుంది. దాని పేరే ఆడమ్‌టీఎస్-13, ల్యాబ్ ఫారం మీద ADAMTS13 అని ఉంటుంది. ఎక్కువగా కాలేయంలో తయారవుతుంది.

పెద్దవాళ్లలో వచ్చే టీటీపీలో దాదాపు ఎప్పుడూ ఒంట్లోనే ఆ ఎంజైమ్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీ పుడుతుంది. ఎంజైమ్ పనితనం పది శాతం కంటే కిందికి పోతుంది. ఇక దారాలు కోసేవాడు లేడు. కాలువలో అడ్డంగా కట్టిన తీగకి గుర్రపుడెక్క వచ్చి చిక్కుకున్నట్టు ప్లేట్‌లెట్లన్నీ వాటికి పట్టుకుని మెదడు, గుండె లాంటి చోట్ల సన్నటి నాళాల్లో అడ్డం పడతాయి. మీ వదినకి మాట ముద్దగా వచ్చి తిరిగి సర్దుకుంది అన్నారు చూడండి, అక్కడ అడ్డం పడి కాసేపటికి కదిలిపోయి ఉంటుంది. ఆ సందుల్లోంచి బలవంతంగా దూరే ఎర్రకణాలు చీలిపోతాయి. ప్లేట్‌లెట్లు తక్కువ కనిపించేది అవి తయారు కాక కాదు, గడ్డల్లో ఖర్చైపోయి. అందుకే ఈ జబ్బులో తక్కువ ప్లేట్‌లెట్లున్నా బ్లీడింగ్ కన్నా గడ్డలతోనే ఎక్కువ ప్రమాదం.

స్కోరు సంగతి. దాన్ని ప్లాస్మిక్ స్కోర్ అంటారు. ఎంజైమ్ రిపోర్టు మన ఊళ్లలో చాలాసార్లు బయటి ల్యాబుకి పంపితే రోజుల తర్వాత వస్తుంది, అప్పటిదాకా ఆగలేం కాబట్టి చేతిలో ఉన్న రిపోర్టులతోనే అంచనా వేస్తారు. ప్లేట్‌లెట్లు 30 వేల లోపు, ఎర్రకణాలు పగిలే గుర్తులు, క్యాన్సర్ లేకపోవడం, అవయవ మార్పిడి గానీ మూలుగ మార్పిడి గానీ లేకపోవడం, ఎంసీవీ 90 లోపు, ఐఎన్ఆర్ 1.5 లోపు, క్రియాటినిన్ 2 లోపు. ఒక్కోదానికి ఒక మార్కు. ఆరు, ఏడు వస్తే టీటీపీ అనుకునే ముందుకెళ్తారు. కిడ్నీ బాగా దెబ్బతింటే వేరే జబ్బు వెతుకుతారు.

ఆటోనగర్ రక్తదాత
సరే సర్, గడ్డలు అని ఒప్పుకుంటా. కానీ తలలో బ్లీడ్ అయితే? మెడలో అంత పెద్ద ట్యూబు గుచ్చుతారు, 11 వేలతో గుచ్చితే రక్తం ఆగుతుందా? మా గ్రూపులో ఒక కేసులో లైన్ వేసే ముందు రెండు ప్యాకెట్లు ఎక్కించారు, ఏం కాలేదు.

నాగమణి, అఫెరిసిస్
నేను ప్లాస్మా మార్చే మెషీన్ దగ్గర పనిచేస్తాను. టీటీపీ పేషెంట్లకి అల్ట్రాసౌండ్ పెట్టుకుని చూస్తూ లైన్ వేస్తే సాధారణంగా ప్లేట్‌లెట్లు అక్కర్లేదు, చేతి బరువు పెట్టి నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. ప్రాణం మీదికొచ్చే బ్లీడింగ్ ఉంటే మాత్రం ఎక్కిస్తాం. శీను అన్నా, ఇప్పుడు మీకు దొరకాల్సింది ప్లేట్‌లెట్లు కాదు, ఎఫ్ఎఫ్‌పీ, అంటే ఫ్రీజ్ చేసి దాచిన దాతల ప్లాస్మా. బరువెంత?

తెనాలి శీను
56 కిలోలు. ఓ పాజిటివ్.

నాగమణి, అఫెరిసిస్
56 కిలోలకి కిలోకి 65 ఎం.ఎల్. చొప్పున రక్తం దాదాపు 3,640 ఎం.ఎల్. పీసీవీ 22 కాబట్టి అందులో 78 శాతం ప్లాస్మా, అంటే 2,800 చిల్లర. ఒక ప్యాకెట్ సుమారు 200 ఎం.ఎల్. అనుకుంటే ఒకసారి పూర్తిగా మార్చడానికి పద్నాలుగు కావాలి. మొదటి రోజుల్లో చాలాచోట్ల ఒకటిన్నర రెట్లు మారుస్తారు, అప్పుడు 21. ఇది ఒక్కరోజు లెక్క. ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటి రెండ్రోజులు నిలబడేదాకా రోజూ చేయాలి. రోజూ దొరుకుతాయా లేదా అని ఇప్పుడే రెండు మూడు బ్లడ్ బ్యాంకులతో మాట్లాడి పెట్టుకోండి. ఓ గ్రూపు వాళ్లకి ఒక సుఖం ఉంది, ప్లాస్మా ఏ గ్రూపుదైనా సరిపోతుంది. ఎర్రకణాల లెక్కకి ఇది తిరగేసి ఉంటుంది, మన కుర్రాళ్లకి ఇక్కడే గందరగోళం.

మెషీన్ రెడీ అయ్యేదాకా టైమ్ పడితే రెండు మూడు ప్యాకెట్లు మామూలుగా ఎక్కించమని అడగండి, అందులో కూడా ఆ ఎంజైమ్ ఉంటుంది. ఎంజైమ్ టెస్ట్ శాంపిల్ మాత్రం ప్లాస్మా ఎక్కించే ముందే, నీలం మూత ట్యూబులో తీయించండి. తర్వాత తీస్తే దాత ఎంజైమ్ కలిసిపోయి రిపోర్టు తప్పుదోవ పట్టిస్తుంది.

మార్చేటప్పుడు పెదాల చుట్టూ తిమ్మిరి వస్తే వెంటనే చెప్పమనండి, రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కాల్షియం తగ్గితే అలా వస్తుంది. దద్దుర్లు కూడా రావొచ్చు, వేరేవాళ్ల ప్లాస్మా కదా.

బ్రాడీపేట పాథాలజిస్ట్
నాగమణి గారు చెప్పినదానికి చిన్న అనుబంధం. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే టీటీపీలో ఎంత హాని అనేదాని మీద వాదన ఇంకా ఉంది. ఎక్కించాక రోగి దిగజారిపోయిన కేసులు చాలాకాలంగా రాస్తూ వచ్చారు, తర్వాత పరిశీలించిన కొన్ని అధ్యయనాల్లో అంత స్పష్టంగా హాని కనిపించలేదు. కాబట్టి "ఎక్కిస్తే చస్తారు" అనడం ఎక్కువే, "కౌంట్ తక్కువ కాబట్టి ఎక్కించాల్సిందే" అనడం మాత్రం కచ్చితంగా తప్పు. గడ్డలకి ఇంకా ఇంధనం వేస్తున్నామని భయం, పైగా లాభం లేదు.

హెచ్ఐవీ టెస్ట్ గురించి మీ అన్నయ్యకి చెప్పండి, అది ఎవరినీ అవమానించడానికి కాదు. హెచ్ఐవీ, లూపస్ లాంటివి ఈ యాంటీబాడీకి కారణం కావొచ్చు, ప్రతి టీటీపీ రోగికీ రాస్తారు. హెపటైటిస్ బీ కూడా రాసుంటారు చూడండి. యాంటీబాడీ తయారీని ఆపే రిటుక్సిమాబ్ అనే మందు ఇవ్వాలంటే అది ముందు తెలియాలి, పాత హెపటైటిస్ బీ దాంతో తిరగబెట్టొచ్చు.

లక్ష్మి, మంగళగిరి
నేను ఈ జబ్బు పడి లేచినదాన్నే. మొదటి కాన్పు సమయంలో వచ్చింది. అప్పుడు అందరూ బీపీ వల్ల అన్నారు, హెల్ప్ అని ఏదో పేరు చెప్పారు, కాన్పు అయినా తగ్గకపోతే అప్పుడు స్లైడ్ చూశారు. ఎంజైమ్ మూడు శాతం. ప్లాస్మా మార్చడం మొదలయ్యాక రెండో రోజుకే తల తేలికపడినట్టు అనిపించింది, కానీ ప్లేట్‌లెట్లు పెరగడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. శీను గారూ, వదిన గారు గర్భిణి కాదు కదా? ఒకసారి టెస్ట్ చేయించండి.

తెనాలి శీను
కాదు అక్కా, చేయించారు. లైన్ వేశారు, ఇందాకే ఒక రౌండ్ మొదలైంది. ఎంజైమ్ శాంపిల్ ముందే తీశారంట, నేను అడిగి రాయించుకున్నా. స్టెరాయిడ్ కూడా మొదలెట్టారు.

చిలకలూరిపేట మెడికల్స్
నాకు ఒక డౌట్. యాంటీబాడీ ఉంటే ఎక్కించిన ప్లాస్మాలో ఎంజైమ్‌ని కూడా అది పట్టుకుంటుంది కదా? మరి ప్లాస్మా మారిస్తే ఏం లాభం? ఇంకా విదేశాల్లో కాప్లాసిజుమాబ్ అని ఒక మందు ఉంది, 2019లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. దాంతో ప్లేట్‌లెట్లు మూణ్నాలుగు రోజుల్లో పెరుగుతాయంట. అది తెప్పిస్తే ఇదంతా అక్కర్లేదు కదా.

బ్రాడీపేట పాథాలజిస్ట్
మొదటి డౌట్ సరైనదే. అందుకే ఊరికే ఎక్కించకుండా మారుస్తారు. పాత ప్లాస్మాతో పాటు యాంటీబాడీ కొంత, ఆ పొడుగు దారాలు కొన్ని బయటికి పోతాయి, కొత్త ప్లాస్మాతో ఎంజైమ్ వస్తుంది. 1991లో కెనడా వాళ్లు రోగుల్ని రెండు గుంపులు చేసి చూశారు, ఊరికే ఎక్కించినవాళ్లలో ఆరు నెలలకి 63 శాతం బతికారు, మార్చినవాళ్లలో 78 శాతం. అంతకుముందు, ఏ వైద్యమూ లేని రోజుల్లో, పదిమందిలో తొమ్మిదిమంది పోయేవాళ్లు. తమాషా ఏంటంటే అప్పటికి ఎంజైమ్ సంగతి ఎవరికీ తెలియదు. 1924లో న్యూయార్క్‌లో మాష్కోవిట్జ్ పదహారేళ్ల అమ్మాయిలో ఈ జబ్బుని మొదట రాశాడు. 1982లో మోక్ ఈ రోగుల రక్తంలో మరీ పొడుగాటి వాన్ విల్లెబ్రాండ్ దారాలు ఉన్నాయని చూశాడు. దాన్ని కోసే ఎంజైమ్ 1996లో, దాని జన్యువు 2001లో దొరికాయి. పనిచేస్తుందని ముందు తెలిసింది, ఎందుకు పనిచేస్తుందో తర్వాత తెలిసింది.

రెండోది సగమే నిజం. కాప్లాసిజుమాబ్ ప్లేట్‌లెట్ ఆ దారానికి అంటుకోకుండా అడ్డుపడుతుంది, అంతే. ఎంజైమ్ తిరిగి రాదు, యాంటీబాడీ ఆగదు. లోపల జబ్బు అలాగే ఉండగా కౌంట్ పెరిగిపోతుంది, అది చూసి ఆపేస్తే మళ్లీ వస్తుంది. యాంటీబాడీ తయారయ్యేచోట దెబ్బ కొట్టాలంటే స్టెరాయిడ్, రిటుక్సిమాబ్. మన దేశంలో తయారైన రిటుక్సిమాబ్ దొరుకుతుంది కాబట్టి అది కాస్త అందుబాటులో ఉన్న దారి. కాప్లాసిజుమాబ్ ధర చూసి నాకే కళ్లు తిరిగాయి.

తెనాలి శీను
రిపోర్టు వచ్చింది. ఆడమ్‌టీఎస్-13 పనితనం 5 శాతం కంటే తక్కువ, ఇన్హిబిటర్, అంటే ఎంజైమ్‌ని అడ్డుకునే ఆ యాంటీబాడీ, పాజిటివ్. ప్లేట్‌లెట్లు 11 నుంచి 38 వేలు, ఇవాళ 92 వేలు. ఎల్‌డీహెచ్ 410. మాట స్పష్టంగా ఉంది, పొద్దున టిఫిన్ బాలేదని సిస్టర్‌తో గొడవపడింది. హెచ్ఐవీ, హెపటైటిస్ నెగటివ్. రిటుక్సిమాబ్ మొదటి డోసు రేపు అంటున్నారు.

బ్లడ్ బ్యాంకుల దగ్గర ఎఫ్ఎఫ్‌పీ కోసం ఆటోనగర్ అన్న గ్రూపు వాళ్లే తిరిగారు, థాంక్స్ అన్నా. ఇంకో ప్రశ్న. కౌంట్ పెరుగుతోంది కదా, ఇక ప్లాస్మా ఆపేయొచ్చా? ఖర్చు మామూలుగా లేదు. పిల్లలకి కూడా వస్తుందా?

నాగమణి, అఫెరిసిస్
92కి ఆపొద్దు. ఒక్కరోజు ఆపితే మర్నాడు మళ్లీ 40కి పడిపోయినవాళ్లని చూశాను. లక్షన్నర దాటి నిలబడాలి, ఎల్‌డీహెచ్ కూడా మామూలుకి రావాలి.

బ్రాడీపేట పాథాలజిస్ట్
ఇన్హిబిటర్ ఉంది కాబట్టి ఇది పుట్టుకతో వచ్చే రకం కాదు, పిల్లల గురించి భయపడక్కర్లేదు. పుట్టుకతో వచ్చేది చాలా అరుదు, తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిపోయిన జన్యువు వస్తేనే వస్తుంది, అందులో యాంటీబాడీ ఉండదు.

లక్ష్మి, మంగళగిరి
డిశ్చార్జ్ అయ్యాక అసలు పని మొదలవుతుంది శీను గారూ. నాకు మూడేళ్లకి మళ్లీ వచ్చింది. ఈసారి మాత్రం ప్లేట్‌లెట్లు పడకముందే ఎంజైమ్ టెస్టులో 12 శాతానికి తగ్గినట్టు తెలిసింది, ముందుగానే రిటుక్సిమాబ్ ఇచ్చారు, ఆస్పత్రిలో పడుకోవాల్సిన పని లేకుండా పోయింది. కౌంట్ బాగుందని ఎంజైమ్ టెస్టు మానేయొద్దు. ఎన్ని నెలలకోసారి అనేది నా డాక్టర్ ఒకలా చెబుతారు, నాకు తెలిసిన ఇంకొకావిడ డాక్టర్ ఇంకోలా చెబుతారు.

సుజాత ఆర్
ఇదంతా చదివాక మా అమ్మాయి పాత స్మియర్ రిపోర్టు వెతుకుతున్నా. ఒక ప్రశ్న, ఐటీపీ అని రాసిచ్చినప్పుడు ఎల్‌డీహెచ్ చేయించలేదు. ఇప్పుడు ప్లేట్‌లెట్లు రెండు లక్షలు ఉన్నాయి. మళ్లీ చూపించాలా?

బ్రాడీపేట పాథాలజిస్ట్
పాత రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎంతుందో చూసి పెట్టండి మేడమ్, దాన్నిబట్టి చెబుతాను.